తాహో దారిలో చెయిన్లు: ఎప్పుడు వేయాలి, ఏ చక్రాలకు వేయాలి, ఎంత వేగంతో వెళ్లాలి

శాక్రమెంటోలో వాన పడుతున్న రోజున ఇంటర్‌స్టేట్ 80 మీద తూర్పుగా వెళ్తుంటే ఆబర్న్ దాకా వానే కనిపిస్తుంది. కోల్‌ఫాక్స్ దాటాక చినుకుల్లో తెల్లని పలుకులు కలుస్తాయి. బాక్స్‌టర్, నయాక్ దగ్గరికి వచ్చేసరికి రోడ్డు అంచులు తెల్లబడతాయి. 7,200 అడుగులకు పైనున్న డోనర్ సమ్మిట్ చేరేలోపు చక్రాల కింద తారు కనిపించడం మానేస్తుంది. బే ఏరియా నుంచి పొద్దున్నే బయల్దేరిన కుటుంబం మూడు నాలుగు గంటల్లోనే వానాకాలంలోంచి మంచుకాలంలోకి వచ్చేస్తుంది. ఆ మధ్యలో ఎక్కడో ఒకచోట టైర్లకు మంచు చెయిన్లు వేసుకోమనే బోర్డు వెలుగుతుంది.

ఈ మార్గదర్శి తాహో సరస్సుకు వెళ్లే ఆ దారి గురించే. ఇంటర్‌స్టేట్ 80కి చెప్పినవన్నీ ఎకో సమ్మిట్ మీదుగా సౌత్ లేక్ తాహోకి వెళ్లే హైవే 50కీ వర్తిస్తాయి. సియాటిల్ వైపు స్నోక్వాల్మీ పాస్ దాటేవాళ్లకు బోర్డుల భాష కాస్త వేరు. బిగించే పద్ధతి, వేగం లెక్క మాత్రం ఒకటే.

బోర్డు మీద ఆర్-1, ఆర్-2, ఆర్-3 అంటే

కాలిఫోర్నియా రోడ్ల శాఖ కాల్‌ట్రాన్స్ మంచు తీవ్రతను బట్టి మూడు అంచెల ఆంక్షలు పెడుతుంది.

ఆర్-1 ఉన్నప్పుడు టూ వీల్ డ్రైవ్ కార్ల డ్రైవ్ చక్రాలకు చెయిన్లో, వేరే ట్రాక్షన్ పరికరాలో, స్నో టైర్లో ఉండాలి. ఫోర్ వీల్, ఆల్ వీల్ డ్రైవ్ బళ్లకు మినహాయింపు. ఆర్-2 ఉన్నప్పుడు అన్ని బళ్లకూ చెయిన్లో, వేరే ట్రాక్షన్ పరికరాలో వేయాలి. నాలుగు చక్రాలకూ స్నో టైర్లున్న ఫోర్ వీల్, ఆల్ వీల్ డ్రైవ్ బళ్లకు మాత్రమే మినహాయింపు. ఆర్-3లో మినహాయింపులే లేవు, ప్రతి బండికీ చెయిన్లో, వేరే ట్రాక్షన్ పరికరాలో ఉండాల్సిందే. వాతావరణం అంత చెడ్డప్పుడు తరచుగా ఆర్-3 దాకా రాకుండానే రోడ్డు మూసేస్తారు.

ఇక్కడ రెండు పొరపాట్లు ఎక్కువ జరుగుతాయి. మొదటిది, మాది ఆల్ వీల్ డ్రైవ్ కదా అని చెయిన్లు ఇంట్లో వదిలేసి రావడం. వేసుకోనక్కర్లేకపోయినా, చెయిన్ల ఆంక్ష ఉన్న ప్రాంతంలో ఆల్ వీల్ డ్రైవ్ కారులో కూడా చెయిన్లు వెంట ఉండాలన్నది నిబంధన. లేవని చెబితే చెక్‌పాయింట్ దగ్గర వెనక్కి తిప్పి పంపొచ్చు. వాషింగ్టన్ రాష్ట్రంలోని పర్వత మార్గాల్లోనూ ఆంక్ష ఉన్నప్పుడు ఆల్ వీల్ డ్రైవ్ బళ్లలో చెయిన్లు ఉండి తీరాలి. అక్కడ చెయిన్ల ఆంక్షను లెక్కచేయకపోతే జరిమానా 500 డాలర్ల దాకా ఉంటుంది.

రెండోది టైరు మీది గుర్తును నమ్ముకోవడం. మామూలు ఆల్ సీజన్ టైర్ల పక్కగోడ మీద కూడా చాలావాటికి బురద, మంచు అనే అర్థంలో ఎం ప్లస్ ఎస్ అని ఉంటుంది. కాలిఫోర్నియాలో ఆ గుర్తుండి, గాళ్ల లోతు అంగుళంలో 32వ వంతులు కనీసం ఆరు, అంటే దాదాపు 4.8 మిల్లీమీటర్లు ఉంటే ఆ టైరును స్నో టైరుగా లెక్కిస్తారు. చట్టం ఒప్పుకుంటుంది కానీ మంచు ఒప్పుకోదు. చలికి గట్టిపడని రబ్బరుతో, మంచు మీద పరీక్షించి తయారుచేసిన టైరుకు మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు పలుకు ఉన్న బొమ్మ ఉంటుంది. అది లేని టైర్లతో ఆర్-1 చెక్‌పాయింట్ దాటినా, అసలైన ఏటవాలు దగ్గర చక్రం తిరుగుతూ కారు నిలిచిపోయే అవకాశం ఉంది. గాళ్ల లోతు కొలవడానికి ఒక పైసా ఖర్చు లేని కొలబద్ద ఉంది. పావు డాలరు నాణేన్ని తల కిందులుగా గాడిలో పెట్టండి. దాని మీది జార్జి వాషింగ్టన్ తల పైభాగం మొత్తం బయటికి కనిపిస్తుంటే గాళ్లు అంగుళంలో 32వ వంతులు నాలుగుకు వచ్చేశాయని లెక్క. ఆ టైర్లతో మంచులోకి వెళ్లకండి.

బయల్దేరే ముందు కాల్‌ట్రాన్స్ వాళ్ల ఆన్‌లైన్ మ్యాప్ QuickMap తెరిచి చెయిన్ కంట్రోల్ పొరను ఆన్ చేస్తే ఏ ఊరి నుంచి ఏ ఊరి దాకా ఆంక్ష ఉందో కనిపిస్తుంది. అది గంటల్లో మారుతుంది కాబట్టి ఇంట్లో ఒకసారి, ఆబర్న్‌లో పెట్రోలుకో కాఫీకో ఆగినప్పుడు ఇంకోసారి చూడండి. ఆబర్న్ దాటాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

బోర్డు లేకపోయినా చెయిన్లు అవసరమయ్యే చోట్లున్నాయి. హైవే మీద మంచు తోసే బళ్లు తిరుగుతూనే ఉంటాయి. అద్దెకు తీసుకున్న క్యాబిన్ ముందున్న సన్న ఏటవాలు రోడ్డు వంతు వచ్చేది చివరికే. నిదానంగా వెళ్తూ, వెనక ఎవరూ లేనప్పుడు బ్రేకు మెల్లగా నొక్కి చూడండి. అంత చిన్న నొక్కుకే పెడల్ కింద ఏబీఎస్ గరగరలాడినా, ఎక్కుతున్నప్పుడు ట్రాక్షన్ దీపం పదే పదే మెరిసినా టైరుకు పట్టు అయిపోయిందని అర్థం. బోర్డు కోసం చూడకుండా సురక్షితమైన చోట ఆపి వేసుకోవాలి. మరోవైపు, తడి తారు మీదా, పల్చగా కరుగుతున్న మంచు రొచ్చు మీదా చెయిన్లు మేలు చేయవు, పాడైపోతాయి.

ఏ చక్రాలకు

మొదటి సూత్రం ఇంజను బలం ఏ చక్రాలకు వెళ్తుందో ఆ చక్రాలకే. ఫ్రంట్ వీల్ డ్రైవ్ సెడాన్లు, మినీవ్యాన్లలో ముందు రెండింటికి. రియర్ వీల్ డ్రైవ్ కార్లలో వెనక రెండింటికి. ఒకే జత ఉన్నప్పుడు ఒకటి ముందు, ఒకటి వెనక అని పంచడం గానీ, ఒకే చక్రానికి వేయడం గానీ ఎప్పుడూ చేయకూడదు. కుడి ఎడమల పట్టు వేరైతే బ్రేకు వేసిన ప్రతిసారీ కారు ఒక పక్కకు లాగుతుంది.

చిక్కంతా ఆల్ వీల్ డ్రైవ్ దగ్గరే. నాలుగు చక్రాలూ తిరుగుతాయి కాబట్టి ఎక్కడ వేసినా ఒకటే అనిపిస్తుంది. అది నిజం కాదు. సుబారు తన మాన్యువల్స్‌లో, చెయిన్లు పట్టే మోడళ్లకు, ముందు చక్రాలకే వేయమంటుంది. టొయోటా ర్యావ్4 ఆల్ వీల్ డ్రైవ్‌కూ ముందువైపే. టెస్లా మోడల్ 3, మోడల్ వై మాన్యువల్స్ మాత్రం వెనక చక్రాలకే వేయమంటాయి, ముందు చక్రాలకు వద్దంటాయి. ఈ తేడాకు ముఖ్య కారణం ఖాళీ. టైరుకూ, దాని వెనకున్న సస్పెన్షన్ భాగాలకూ, బ్రేకు గొట్టానికీ మధ్య ఎంత చోటుందో తయారీదారు కొలిచి చెబుతాడు. చోటు లేని వైపు చెయిన్ వేస్తే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు గొలుసు బ్రేకు గొట్టానికి రాసుకుంటుంది. అందుకే ఆల్ వీల్ డ్రైవ్ విషయంలో స్నేహితుడి కారు అనుభవం పనికిరాదు. మీ కారు మాన్యువల్‌లో టైర్ చెయిన్స్ అన్న పేజీ తీసి, మీ మోడలుకూ మీ రిమ్ సైజుకూ ఏం రాశారో చదవండి. కొన్ని కార్లలో పెద్ద రిమ్ములకు చెయిన్లు వేయకూడదనే రాసి ఉంటుంది. అప్పుడు చిన్న రిమ్ములతో చలికాలపు టైర్ల జత పెట్టుకోవడమో, తయారీదారు ఒప్పుకుంటే బట్ట తొడుగులు వాడటమో చేయాలి.

రెండు చక్రాలకే వేసినప్పుడు కారు నడక ఎలా మారుతుందో ముందే తెలిసి ఉండాలి. ముందు చక్రాలకు వేస్తే ఎక్కడానికీ, తిప్పడానికీ బాగుంటుంది. దిగుడులో మలుపు దగ్గర యాక్సిలరేటర్ చటుక్కున వదిలినా, బ్రేకు గట్టిగా తొక్కినా ముందుభాగం పట్టుకుని నిలబడుతుంది. పట్టు లేని వెనకభాగం పక్కకు జారి ముందుకు వస్తుంది. వెనక చక్రాలకు వేస్తే దీనికి తిరగబడి ఉంటుంది. కారు ఎక్కుతుంది కానీ మలుపులో స్టీరింగ్ తిప్పినా ముక్కు నేరుగానే పోతుంది. రెండింటికీ మందు ఒకటే, మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో పెడల్స్ జోలికి పోకుండా తిరగడం. మాన్యువల్ అనుమతిస్తే నాలుగు చక్రాలకూ వేయడం అన్నిటికన్నా మంచిది.

ఇనుమా, బట్టా

మామూలు కార్లకు మూడు రకాలు దొరుకుతాయి. టైరు మీద వజ్రాకారంలో పరుచుకునే లంకెల చెయిన్లు గట్టివి. గడ్డకట్టిన మంచునూ గాజులాంటి ఐసునూ కొరుకుతాయి. ఉక్కు తీగల మీద చిన్న గొట్టాలు గుచ్చిన కేబుల్ చెయిన్లు తేలిక, సన్నం. చోటు తక్కువున్న కార్లకు ఇవే సరిపోతాయి. మూడోది బట్ట తొడుగు. గట్టి కృత్రిమ దారంతో నేసిన తొడుగును టైరుకు మేజోడులా తొడుగుతారు. నార్వేలో పుట్టిన ఆటోసాక్ ఇందులో బాగా తెలిసిన పేరు.

బట్ట తొడుగు అయిదు నిమిషాల్లో ఎక్కుతుంది, బ్రేకు గొట్టాలకు ప్రమాదం లేదు, రిమ్ముకు గీత పడదు, కారులో కుదుపు ఉండదు. పొడిమంచు మీద, కొత్తగా తొక్కుడుపడిన మంచు మీద పట్టు బాగుంటుంది. కానీ దాని బతుకంతా మంచు మీదే. పొడి తారు మీద కొన్ని మైళ్లు పోతే అడుగు చిరిగిపోతుంది. ఇంటర్‌స్టేట్ 80 మీద మంచు తోసే బళ్లు వెళ్లాక అరమైలు తారు, అరమైలు మంచుగా ఉండటం మామూలే. అలాంటి దారికి బట్ట నిలవదు. కరిగి మళ్లీ గడ్డకట్టిన ఐసు మీద కూడా ఇనుము కొరికినంతగా బట్ట పట్టదు. మా సలహా సూటిగా ఇదీ: కారులో చోటుండి, మాన్యువల్ ఒప్పుకుంటే చెయిన్లే కొనండి. చెయిన్లు పట్టని కారుకు, ఏడాదికి ఒకసారి వెళ్లి వచ్చేవాళ్లకు, వేసుకోనక్కర్లేకపోయినా వెంట ఉంచుకోవాల్సిన ఆల్ వీల్ డ్రైవ్ వాళ్లకు బట్ట తొడుగు సరైన ఎంపిక.

కాలిఫోర్నియా చట్టంలో ట్రాక్షన్ పరికరం అంటే దాని మీద తయారీదారు పేరో గుర్తో, దాంతో పాటు తయారైన దేశం పేరూ చెరగకుండా ముద్రించి ఉండాలి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే పేరులేని తొడుగులకు అది ఉండదు. టైరు అడుగున నాలుగైదు చోట్ల బెల్టుల్లా కట్టే ప్లాస్టిక్ పట్టీల జోలికి అసలు వెళ్లొద్దు. అవి బురదలో ఇరుక్కున్న కారును బయటికి తీయడానికి పనికొస్తాయేమో గానీ, పన్నెండు మైళ్ల కొండ ఎక్కడానికి కాదు.

సైజు చూసి కొనడం

ఒక ఉదాహరణతో వెళదాం. ఫ్రీమాంట్‌లో ఉండే ఒక కుటుంబానికి ఫ్రంట్ వీల్ డ్రైవ్ సెడాన్ ఉందనుకుందాం. టైరు పక్కగోడ మీద 215/55R17 అని ఉంది. ఈ మూడు అంకెలూ చెయిన్ పెట్టె మీది పట్టికలో యథాతథంగా ఉండాలి. 225/50R17కి వచ్చేది దీనికీ వచ్చేస్తుందిలే అని సర్దుకుంటే సరిపోని చెయిన్ చేతికి రావచ్చు. డోర్ లోపలి స్టిక్కర్ చూసి కూడా కొనకండి. మధ్యలో టైర్లు మార్చి ఉంటే ఆ అంకె తప్పవుతుంది. అసలు టైరునే చూడాలి.

తర్వాత ఖాళీ. మాన్యువల్‌లో ఎస్ క్లాస్ చెయిన్లు మాత్రమే అని రాసి ఉంటే తక్కువ చోటున్న కారని అర్థం. ఎస్ క్లాస్ కొలత ప్రకారం టైరు పైముఖం నుంచి 1.46 అంగుళాలు, అంటే 37 మిల్లీమీటర్లు, పక్కగోడ నుంచి 0.59 అంగుళాలు, అంటే 15 మిల్లీమీటర్ల చోటుంటే చాలు. పెట్టె మీద ఆ ఎస్ అక్షరం ఉందో లేదో చూసి తీసుకోండి.

అద్దె కారైతే ఒప్పందం చదవండి. చెయిన్లు వేయకూడదనో, వేస్తే జరిగే నష్టం మీదేననో చాలావాటిలో రాసి ఉంటుంది. అలాంటప్పుడు కంట్రోల్ ఉన్న రోజున ఆ కారుతో కొండెక్కే ఆలోచనే మానుకోవాలి.

కొన్నాక ఇంటి ముందో, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనో పగటి వెలుగులో ఒకసారి పూర్తిగా వేసి, తీయండి. పొడి నేల మీద అడుగు రెండడుగులు కదిపితే ఏమీ కాదు, నడపకూడదంతే. మొదటిసారి ఒక్కో చక్రానికి ఇరవై నిమిషాలు పడుతుంది. రెండోసారికి పదిలోపే అయిపోతుంది. ఆ మొదటి ఇరవై నిమిషాలు సున్నా డిగ్రీల గాలిలో, ట్రక్కులు పక్కనుంచి పోతుండగా గడపకుండా ఉండటానికే ఈ అభ్యాసం. సైజు తప్పయినా ఇంటి దగ్గరే బయటపడుతుంది, దుకాణంలో మార్చుకోవచ్చు.

చెయిన్ల సంచిలోనే నీళ్లు లోపలికి పోని చేతి తొడుగులు, తలకు కట్టుకునే దీపం, మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత ఫ్లోర్ మ్యాటో టార్పాలినో, రెండు మూడు రబ్బరు కొక్కేల పట్టీలు పెట్టేయండి. ఊలు తొడుగులు వద్దు. రెండు నిమిషాల్లో తడిసి వేళ్లు కొంకర్లు పోతాయి, కొక్కెం పట్టుకోవడమే రాదు.

రోడ్డు పక్కన బిగించడం

చెయిన్లు అవసరం అన్న బోర్డు కనిపించాక చెక్‌పాయింట్ దాకా సాధారణంగా ఒక మైలు దూరం ఉంటుంది. ఆ మైలులో కుడివైపు చెయిన్లు వేసుకునేందుకు కేటాయించిన వెడల్పాటి చోటులో, లేదా ఎగ్జిట్ తీసుకుని, రోడ్డుకు పూర్తిగా దూరంగా ఆపండి. లేనులో ఆపడం గానీ, మలుపు చాటున ఆపడం గానీ చేయొద్దు. హజార్డ్ దీపాలు వేయండి, పార్కింగ్ బ్రేకు వేయండి, పిల్లల్ని కారులోనే ఉంచండి. ట్రాఫిక్ వైపున్న చక్రం దగ్గర వంగినప్పుడు వచ్చే బళ్లకు వీపు చూపకండి. రెండో పెద్ద మనిషి నిలబడి చూస్తుంటే ఇంకా మంచిది. జాకీ పెట్టి కారు ఎత్తే పని లేదు. జారే నేల మీద అది ప్రమాదం కూడా.

మన ఉదాహరణ సెడాన్‌కు ముందు రెండు చక్రాలు. ఇప్పుడు ఎక్కువగా దొరికే, వెనక వంగే వలయం ఉన్న చెయిన్‌కు వరస ఇది.

1. చెయిన్‌ను నేల మీద పరిచి మెలికలన్నీ విప్పండి. ఒక్క మెలిక మిగిలినా చివర్లో కొక్కెం అందదు. లంకెల చదునైన ముఖం టైరు వైపు, కొక్కేల తెరిచిన నోరు టైరుకు అవతలి వైపు ఉండాలి. నోరు లోపలికి తిరిగితే పక్కగోడను కోస్తుంది.

2. వంగే వలయాన్ని టైరు వెనక నుంచి నేల మీద జరిపి, రెండు కొసలనూ టైరు పైన కలిపి తగిలించండి. ఇది లోపలివైపు కొక్కెం. కంటికి కనిపించదు కాబట్టి తగిలాక లాగి చూసి నిర్ధారించుకోవాలి. సగం తగిలిన ఈ కొక్కెమే తర్వాత జరిగే చాలా నష్టానికి మూలం.

3. తగిలించిన వలయాన్ని టైరు వెనక్కి తోసి, అది టైరు చుట్టూ లోపలివైపు సమంగా కూర్చునేలా సర్దండి. తర్వాత ముందువైపు కొక్కెం తగిలించండి.

4. బిగించే గొలుసును తాళం గుండా లాగండి. వెనక్కి జారకుండా తాళం పట్టుకుంటుంది. టైరు మీద చెయిన్ సమంగా పరుచుకునేలా చేత్తో అటూ ఇటూ జరుపుతూ మూడు నాలుగు విడతల్లో లాగాలి. ఒక్కసారే బలంగా లాగితే ఒకవైపే బిగుస్తుంది. మిగిలిన కొసను సూచించిన లంకెకు తగిలించేయండి.

5. రెండో చక్రానికీ అలాగే వేసి, వంద అడుగులు మెల్లగా వెళ్లి, మళ్లీ సురక్షితంగా ఆపి బిగించండి. మొదట టైరుకూ నేలకూ మధ్య ఇరుక్కున్న భాగం ఇప్పుడు తిరిగి వదులవుతుంది. చెయిన్ పెట్టె మీద ఆటోమేటిక్‌గా బిగుసుకుంటుందని రాసి లేకపోతే ఈ ఆగడం తప్పనిసరి.

సరిగ్గా బిగిసిందో లేదో తెలుసుకోవడానికి టైరు పైభాగంలో చెయిన్ కింద వేళ్లు పెట్టి లాగండి. రెండు వేళ్లకు మించి ఎత్తు లేవకూడదు. చిన్నచిన్న వదులు ఉంటే రబ్బరు పట్టీలతో ముందువైపు కొక్కేలను కలిపి లాగి ఉంచొచ్చు. చాలా వదులుంటే పట్టీలు దాన్ని దాచిపెడతాయే తప్ప బాగుచేయవు.

చేతకాకపోతే నంబరు బ్యాడ్జీ వేసుకున్న చెయిన్ బిగించేవాళ్లు ఆ చోట్లలో ఉంటారు. వాళ్లు కాల్‌ట్రాన్స్ ఉద్యోగులు కారు, సొంతంగా డబ్బు తీసుకుని పనిచేసే అనుమతి ఉన్నవాళ్లు. చెయిన్లు అమ్మే, అద్దెకిచ్చే అనుమతి వాళ్లకు లేదు. బ్యాడ్జీ నంబరు రాసుకుని, రసీదు తీసుకోండి. ఏ చక్రాలకు వేయాలో మాత్రం మీరే చెప్పాలి. టెస్లాను ముందు చక్రాల కారు అనుకుని ముందు చక్రాలకే వేసేస్తే నష్టం మీ కారుకే.

బట్ట తొడుగైతే వరస చిన్నది. తొడుగును టైరు పైభాగం మీదుగా వేసి, రెండు పక్కలా వీలైనంత కిందికి లాగండి. నేలకు ఆనిన భాగం మిగిలిపోతుంది. కారును సరిగ్గా అరచుట్టు కదపాలి. 215/55R17 టైరు చుట్టుకొలత దాదాపు 2.1 మీటర్లు కాబట్టి ఒక మీటరు ముందుకు జరిపితే కింది భాగం పైకి వస్తుంది. మిగిలిన తొడుగు లాగేయండి. కాస్త వంకరగా ఉన్నా కంగారు పడొద్దు, కొద్ది దూరం పోగానే అదే మధ్యకు వచ్చి కూర్చుంటుంది. యాక్సిలరేటర్‌తో చక్రాన్ని గిరగిరా తిప్పితే మాత్రం ఆ రాపిడికే బట్ట చిరుగుతుంది.

వేగం: 30 దగ్గరే ఎందుకు ఆగాలి

చెయిన్లు తప్పనిసరి చేసినప్పుడు కాలిఫోర్నియాలో వేగ పరిమితి గంటకు 25 లేదా 30 మైళ్లు, రోడ్డు పక్కన బోర్డు పెడతారు. చెయిన్ తయారీదారులు, బట్ట తొడుగుల తయారీదారులు చెప్పే గరిష్ఠం కూడా సాధారణంగా 30 మైళ్లు, అంటే 50 కిలోమీటర్ల లోపే. మీ పెట్టె మీద అంతకన్నా తక్కువ రాసి ఉంటే అదే మీ పరిమితి.

ఈ అంకె ఎవరో భయపడి పెట్టింది కాదు. మన టైరు 30 మైళ్ల వేగంలో సెకనుకు ఆరుసార్లకు పైగా తిరుగుతుంది. తిరిగే చక్రం తన మీది ప్రతి వస్తువునూ బయటికి విసరాలని చూస్తుంది. ఆ లాగుడు వేగంతో కాదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. చెయిన్‌లోని 100 గ్రాముల ముక్క 30 మైళ్ల దగ్గర అయిదున్నర కిలోల బరువు వేలాడదీసినంత బలంతో బయటికి లాగుతుంది. 50 మైళ్ల దగ్గర ఆ లాగుడు 15 కిలోలు. చెయిన్ టైరు నుంచి పైకి లేచి ఫెండర్ లోపలి గోడను కొట్టడం మొదలుపెడుతుంది. కొట్టిన ప్రతిసారీ లంకె కాస్త సాగుతుంది, ఇంకా వదులవుతుంది, ఇంకా గట్టిగా కొడుతుంది. తెగిన కొస ఒకటి ఉంటే సెకనుకు ఆరు దెబ్బలు. ప్లాస్టిక్ గోడ, చక్రపు వేగం చెప్పే సెన్సార్ తీగ, చివరికి బ్రేకు గొట్టం ఆ వరసలోనే దెబ్బతింటాయి.

ఇంకో కారణం ఆగే దూరం. తొక్కుడుపడిన మంచు మీద, బ్రేకు కాలు పడ్డాక, గంటకు 30 మైళ్ల నుంచి ఆగడానికి దాదాపు 150 అడుగులు కావాలి. అంటే వరసగా నిలబెట్టిన పది కార్ల పొడవు. 25 నుంచైతే 105 అడుగులు, 20 నుంచైతే 70 లోపు. పొడి తారు మీదైతే అదే 30 మైళ్ల వేగం నుంచి దాదాపు 45 అడుగుల్లో ఆగేవాళ్లం. చెయిన్లు ఈ దూరాన్ని కొంత తగ్గిస్తాయి గానీ, నాలుగు చక్రాల్లో రెండింటికే పట్టు పెరిగిందని మరవకండి. పైగా కారు బాగా ఎక్కుతోంది కదా అన్న ధీమా వస్తుంది. ఎక్కడానికి దొరికిన పట్టు ఆగేటప్పుడు అంతే దొరకదు.

అందుకే బోర్డు 30 అన్నా, ఎక్కుడులో 25, దిగుడులోనూ మలుపుల్లోనూ 15 నుంచి 20 ఉంచడం మేలు. కింగ్‌వేల్ నుంచి ట్రకీ దాకా పదమూడు, పద్నాలుగు మైళ్లు. 30తో అరగంటలోపు, 25తో 34 నిమిషాల లోపు. తొందరపడి మిగిల్చుకునేది అయిదారు నిమిషాలే. ముందు బండికి కనీసం ఆరు సెకన్ల ఎడం ఉంచండి. సమ్మిట్ దాటాక డోనర్ లేక్ వైపు దిగుడు నిటారుగా ఉంటుంది. అక్కడ తక్కువ గేరులోనే దిగండి. టెస్లా లాంటి కార్లలో కాలు తీయగానే బ్రేకు పడినట్టు లాగుతుంది. ఐసు మీద ఆ లాగుడే వెనక చక్రాలను జార్చగలదు కాబట్టి యాక్సిలరేటర్‌ను మెల్లమెల్లగా వదలాలి.

మధ్యలో తారు బయటపడిన ముక్కలు వస్తే 15, 20కి తగ్గించి దాటండి. ఒక మైలుకు మించి తారే కనిపిస్తుంటే, ఆంక్ష ముగిసిందని బోర్డు చూశాక, తీసేయండి. ఆంక్ష ఇంకా ఉంటే తీయకుండా నిదానంగానే పోవాలి.

చప్పుడు ఏం చెబుతుంది

సరిగ్గా బిగిసిన చెయిన్ గరగరమనే సమానమైన చప్పుడు చేస్తుంది, స్టీరింగ్‌లో సన్నని వణుకు ఉంటుంది. చక్రం తిరిగినప్పుడల్లా టక్, టక్ అని ఒకే లయలో వినిపిస్తే ఒక కొస ఊడి కొడుతోందని అర్థం. వేగం పెంచగానే లయ పెరిగితే ఇక సందేహమే లేదు. వెంటనే వేగం తగ్గించి, పక్కకు ఆపగలిగే చోటు దొరకగానే ఆపండి. స్టీరింగ్ తిప్పినప్పుడు మాత్రమే రాపిడి చప్పుడు వస్తే లోపలివైపు కొక్కెమో, వలయమో జారి సస్పెన్షన్‌ను తాకుతోంది. అలాంటప్పుడు బిగించి సరిపెట్టకుండా మొత్తం తీసి మళ్లీ వేయాలి. అడ్డ గొలుసు ఒకటి తెగితే ఆ కొసలను తీగతో కట్టి, నడక వేగంతో తర్వాతి ఎగ్జిట్ దాకా వెళ్లొచ్చు గానీ, సమ్మిట్ దాటే ప్రయత్నం వద్దు.

కారు ఇరుక్కుని చక్రం ఉన్నచోటే తిరుగుతుంటే యాక్సిలరేటర్ తొక్కుతూ ఉండకండి. మంచు కరిగి ఐసు అవుతుంది, తారు తగిలితే చెయిన్ తెగుతుంది. కాస్త వెనక్కి వచ్చి, చక్రాల ముందు మంచు తవ్వి, మెల్లగా కదపండి. ట్రాక్షన్ కంట్రోల్ ఇంజను బలాన్ని కోసేస్తూ కారును కదలనివ్వకపోతే, కదిలేదాకా దాన్ని ఆపేయమని చాలా మాన్యువల్స్ చెబుతాయి. కదిలాక మళ్లీ వేయండి.

తీయడం, దాచడం

ఆంక్ష ముగిసిందన్న బోర్డు తర్వాత వచ్చే వెడల్పాటి చోటులోనే ఆపండి. బిగించిన వరసకు తిరగేసి, మొదట బిగించే గొలుసు తాళం, తర్వాత ముందువైపు కొక్కెం, చివరికి పైనుంచి లోపలి వలయం విప్పి నేల మీద పడేయండి. చెయిన్ మీది నుంచి కారును మెల్లగా ముందుకు జరిపితే అదే బయటికి వచ్చేస్తుంది.

బట్ట తొడుగుతో రాత్రంతా కారు నిలపకూడదు. తడిసిన బట్ట టైరు కింద నేలతో కలిసి గడ్డకట్టేస్తుంది, పొద్దున లాగితే చిరుగుతుంది. క్యాబిన్ చేరగానే తీసి లోపలికి తీసుకెళ్లి ఆరబెట్టండి. చెయిన్లకు పట్టిన మంచుతో పాటు రోడ్డు మీద చల్లిన ఉప్పూ ఉంటుంది. ఇంటికి వచ్చాక బకెట్టు వేడినీళ్లలో ముంచి తీసి, ఎండలో పూర్తిగా ఆరాక, మెలికలు విప్పి, లోపలి కొక్కెం పైకి ఉండేలా మడిచి సంచిలో పెట్టండి. మళ్లీ రోడ్డు పక్కన సంచి తెరిచినప్పుడు మొదట చేతికి అందాల్సింది ఆ కొక్కెమే.